స్నానం నీళ్లు కొబ్బరి చెట్టుకు మళ్లించడం: ఒంగోలు నల్లరేగడిలో ఒక ఇంటి లెక్క

ఒంగోలులో చాలా ఇళ్లలో రెండు రకాల నీళ్లు ఉంటాయి. తాగడానికి, వంటకు మున్సిపల్ నీళ్లు. అవి రోజూ రావు, వచ్చిన రోజు సంపు నింపుకోవాలి. మిగతా అన్నిటికీ ఇంటి బోరు. ఆ బోరు చాలా వీధుల్లో ఉప్పగా ఉంటుంది, ఎండాకాలంలో ఇంకా ఉప్పెక్కుతుంది. అలాంటి ఇంట్లో స్నానం చేసిన నీళ్లను ఎక్కడికి, ఎంత, ఎలా పంపాలన్నదే ఈ వ్యాసం. చెట్లకు పంపే పద్ధతిని వివరంగా చెబుతాను. టాయిలెట్ ఫ్లష్‌కు వాడుకోవడం గురించి చివర్లో కొంచెమే చెబుతాను, ఎందుకంటే మామూలు ఇంటికి అందులో పనికొచ్చే పద్ధతి ఒక్కటే.

ముందుగా ఒక నియమం. దీని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది. వాడిన నీళ్లను నిల్వ చేయకూడదు. సబ్బు నురగ, చర్మం మీది మట్టి, నూనె, వెంట్రుకలు అన్నీ సూక్ష్మజీవులకు తిండే. డ్రమ్ములో పట్టి మూత పెడితే ఒక రోజు గడిచేసరికి లోపల గాలి అయిపోయి, కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది. పైన తెరిచి ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి. అందుకే మన ఏర్పాటులో డ్రమ్ము లేదు, మోటారు లేదు. బాత్రూమ్ నుంచి బయలుదేరిన నీరు వాలుకు జారి, చెట్టు పక్కన తీసిన కందకంలో పడి, అదే రోజు మట్టి కిందికి పోవాలి.

ఏ పైపు ఎటు పోతోంది

మొదటి పని తవ్వకం కాదు, పైపు ఎటు పోతుందో తెలుసుకోవడం. పాత ఇళ్లలో బాత్రూమ్ నేల నీళ్లు నహానీ ట్రాప్ నుంచి 3 అంగుళాల పైపులో బయటి ఛాంబర్‌కు, అక్కడి నుంచి సైడు కాలువకు పోతాయి. కమోడ్ పైపు 4 అంగుళాలది, అది సెప్టిక్ ట్యాంకుకు పోతుంది. కానీ ఈ మధ్య కట్టిన అటాచ్డ్ బాత్రూముల్లో పైపు ఖర్చు తగ్గించడానికి రెండిటినీ గోడలోనే కలిపేసిన ఇళ్లు ఉన్నాయి. ఇంటి యజమానికి కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు.

పరీక్ష సులువు. బట్టలకు వాడే నీలిమందు బకెట్ నీళ్లలో బాగా కలిపి, నహానీ ట్రాప్‌లో పోయండి. ఒక మనిషి బయట ఛాంబర్ మూత తీసి చూడాలి. నీలం ఏ ఛాంబర్‌లో కనిపించిందో గుర్తు పెట్టుకోండి. అది పూర్తిగా కడుక్కుపోయాక మరో బకెట్ కమోడ్‌లో పోయండి. రెండోసారి కూడా అదే ఛాంబర్‌లోకి నీలం వస్తే ఆ బాత్రూమ్ నీళ్లు చెట్లకు పనికిరావు. పైపు విడదీయించాకే ముందుకు వెళ్లాలి. ఇంకో బాత్రూమ్ ఉంటే దానితో మొదలుపెట్టడం మేలు. ‘కొంచెమే కలుస్తుందిలే అన్నా, మట్టే శుభ్రం చేస్తుంది’ అనే ప్లంబరు తగలవచ్చు. ఆ మాట వినకండి.

వంటింటి సింకును దీనికి కలపవద్దు. అందులో నూనె, మెతుకులు, పులుసు ఉంటాయి, నాలుగు రోజుల్లో కందకం జిగటగా మారిపోతుంది. వాషింగ్ మెషీన్‌లో మొదటి ఉతుకు నీళ్లను కూడా కలపవద్దు. బట్టల పొడిలో సోడియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. మన నేలకు అసలు సమస్యే సోడియం.

నీళ్లెన్ని, నేల ఎంత తాగుతుంది

ఒక ఇంటిని లెక్కకు తీసుకుందాం. నాలుగు సెంట్ల స్థలం, తూర్పు ముఖం ఇల్లు, నలుగురు మనుషులు. బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో. పెరడు పడమర వైపు. అక్కడ నైరుతి మూల రెండు కొబ్బరి చెట్లు, వాటికి కాస్త ఇవతల ఒక సపోటా. స్నానాల గది ఇంటి వెనక గోడకు ఆనుకొని ఉంది.

బకెట్ 20 లీటర్లది. మనిషికి బకెట్టున్నర, అంటే 30 లీటర్లు. నలుగురికి 120 లీటర్లు. ఎండాకాలంలో సాయంత్రం కూడా పోసుకుంటారు కాబట్టి 180 దాకా వస్తుంది. షవర్ ఉన్న ఇంట్లో ఈ లెక్క పనికిరాదు. షవర్ కింద బకెట్ పెట్టి, అది నిండడానికి పట్టే సమయాన్ని చూసి మీ లెక్క మీరు వేసుకోండి.

ఇక నేల. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు పండే నల్లరేగడి తడిస్తే ఉబ్బి, రంధ్రాలు మూసుకుపోతుంది. సబ్బు నీళ్లను ఏళ్ల తరబడి తాగాలంటే అలాంటి నేలకు తడిసే చదరపు మీటరుకు రోజుకు 10 లీటర్లు మించి లెక్క వేయకూడదు. కందకం అడుగు భాగంతో పాటు పక్క గోడల్లో నీళ్లు తగిలే ఎత్తు కూడా ఆ మీటర్లలోకే వస్తుంది. 120 లీటర్లకు 12 చదరపు మీటర్లు కావాలి. కొత్తపట్నం, కావలి వైపు ఇసుక నేలల్లో దీనికి మూడో వంతు చాలు. కానీ అక్కడ నీళ్లు వేగంగా కిందికి దిగి, పైనే ఉన్న భూగర్భ జలంలో కలుస్తాయి. ఇసుకలో కందకం చిన్నదైనా పర్వాలేదు, బావికి దూరం మాత్రం ఎక్కువ ఉండాలి.

మీ నేల ఏ రకమో తేల్చుకోవడానికి అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లతో నింపండి. అది ఇంకిపోయాక రెండోసారి నింపి, ఒక పుల్ల నిలబెట్టి గుర్తు పెట్టుకోండి. గంటలో నీటిమట్టం రెండున్నర సెంటీమీటర్లు కూడా తగ్గకపోతే ఆ చోట కందకం వద్దు. ఎండాకాలంలో నెర్రెలిచ్చిన రేగడిలో మొదటి నింపు క్షణాల్లో మాయమవుతుంది, అది చూసి మోసపోకండి. రెండో నింపే లెక్క.

ఏ చెట్లకు

నేలతో పాటు బోరు ఉప్పు కూడా చూడాలి. నోట్లో వేసుకుంటే ఉప్పు తెలిసే బోరు నీళ్లతో స్నానం చేసి, దానికి సబ్బు కలిపి అరటికి పోస్తే ఆకుల అంచులు మాడతాయి. స్నానం నీళ్లు అనగానే అందరూ అరటి అంటారు. మంచినీళ్ల బోరు ఉంటే అరటి మంచిదే, ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 15 నుంచి 25 లీటర్లు తాగుతుంది. ఉప్పు బోరు ఇంట్లో మాత్రం కొబ్బరి, సపోటా ఉప్పును బాగా ఓర్చుకుంటాయి. మన లెక్కలోని ఇంట్లో అవే ఉన్నాయి కాబట్టి కొత్త మొక్కలు పెట్టక్కర్లేదు.

ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారట్ లాంటి వాటికి ఈ నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. స్నానం నీళ్లలో మలంలోని సూక్ష్మజీవులు కొద్దిగానైనా ఉంటాయి, ముఖ్యంగా చిన్న పిల్లల్ని అక్కడే కడిగే ఇళ్లలో. నీళ్లు తగిలే భాగాన్నే తింటాం కదా. పైన కాసే చెట్టుకు, మట్టి కింద నీళ్లు పోతే ఆ భయం లేదు. కిందపడ్డ సపోటాలు మాత్రం ఏరుకుని తినకండి. అదే కారణంతో ఈ నీళ్లను పైపుతో చిమ్మడం, స్ప్రింక్లర్‌కు పెట్టడం కూడా వద్దు.

దూరాలు

బోరుకు కనీసం 15 మీటర్లు. మన ఇంట్లో బోరు ముందు మూల, చెట్లు వెనక మూల కాబట్టి సరిపోయింది. పక్కింటి బోరు గోడ అవతలే ఉందేమో అడిగి తెలుసుకోండి, మన ప్లాను మీద అది కనిపించదు. తాగే నీళ్ల సంపు పక్కన కూడా కందకం తీయకండి. సంపులో కనపడని పగులు ఉంటే ఊట అందులోకే వస్తుంది.

ఇంటి గోడకు 3 మీటర్లు. రేగడి నేలలో ఇది మరీ ముఖ్యం. పునాది పక్కన ఒకచోట రోజూ తడిసి, ఇంకోచోట ఎండుతూ ఉంటే నేల ఒకవైపు ఉబ్బి ఇంకోవైపు కుంగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు మొదలవుతాయి. నీటి ఆదా కోసం చేసిన పని గోడ మీదికి వస్తుంది.

నైరుతిలో గొయ్యి అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. కొబ్బరి చెట్టు పాదును కాస్త వెడల్పు చేస్తున్నామని చూపిస్తే గొడవ ఉండదు. నిజానికి మనం చేసేదీ అంతకు మించి ఏమీ కాదు.

ఛాంబర్

ఈ ఏర్పాటులో ఆలోచించి కట్టించాల్సింది ఇదొక్కటే. బాత్రూమ్ పైపు బయటికి వచ్చే చోట ఇటుకతో ఒకటిన్నర అడుగు చదరం ఛాంబర్ కట్టించి, లోపల నున్నగా సిమెంటు పూత వేయించండి. పాతది ఉంటే దాన్నే మార్చుకోవచ్చు. ఇందులోంచి నాలుగు దారులు పోతాయి: మూడు చెట్లకు మూడు, సైడు కాలువకు ఒకటి. చెట్ల పైపులు మూడూ ఛాంబర్ లోపలి నేల మట్టానికి సమంగా ఉండాలి. కాలువ పైపును నేలలోకి దించి, ఒక ఎల్బో పెట్టి, దాని నోరు ఛాంబర్ నేలకు సమంగా పైకి చూసేట్టు అమర్చమనండి.

ఇప్పుడు ఆ నోట్లో 12 సెంటీమీటర్ల పైపు ముక్కను గమ్ము వేయకుండా బిగువుగా నిలబెట్టండి. నిలబెట్టి ఉంటే కాలువ దారి మూసుకుని నీళ్లు చెట్లకు పోతాయి. చెట్ల వైపు ఎక్కడైనా అడ్డుపడితే ఛాంబర్‌లో మట్టం పెరిగి, ఆ ముక్క పైనుంచి దానంతటదే కాలువలోకి పొర్లుతుంది, బాత్రూమ్‌లోకి వెనక్కి రాదు. ముక్క పీకేసి, చెట్ల పైపులకు ఎండ్ క్యాపులు పెట్టేస్తే ఏర్పాటంతా పాత పద్ధతికి వచ్చేస్తుంది. వాల్వుల ఖర్చు లేదు, తుప్పు లేదు, ఇంట్లో ఎవరైనా మార్చగలరు.

మూడు చెట్ల పైపుల్లో రోజూ ఒకటే తెరిచి ఉంచండి, మిగతా రెండిటికీ క్యాపు పెట్టండి. రోజుకొకటి చొప్పున వరసగా తిప్పుతుంటే ఒక్కో కందకానికి రెండు రోజుల విరామం దొరుకుతుంది. ఆ విరామంలోనే నేలలోకి గాలి చేరి, జిగట పొర ఎండి విడిపోతుంది. రోజూ కొంచెం కొంచెం తడవడం కంటే ఒకరోజు బాగా తడిసి రెండు రోజులు ఆరడం రేగడికి చాలా మంచిది.

బాత్రూమ్ పైపు ఛాంబర్‌లో పడే చోట ఒక ప్లాస్టిక్ జల్లి బుట్ట వేలాడదీయండి. కన్నాలు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు. దోమల మెష్ అయితే సబ్బు పొరతో రెండు రోజుల్లో మూసుకుపోతుంది. ఇసుక ఫిల్టరు కూడా ఇంతే, నెలలోపే గడ్డకడుతుంది. ఫిల్టరు పని ఇక్కడ వెంట్రుకల్ని, కుంకుడు పిప్పిని ఆపడం వరకే. మిగతాది నేల చూసుకుంటుంది. వారానికి రెండుసార్లు గ్లవ్స్ వేసుకుని బుట్ట దులపండి. మూత ఎప్పుడూ గట్టిగా ఉండాలి, సందులుంటే దోమలు దూరతాయి.

పైపు వాలు, కందకం

మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు కావాలి. ఛాంబర్ నుంచి దూరపు కొబ్బరికి 8 మీటర్లు, అంటే 16 సెంటీమీటర్ల దిగుడు. ఛాంబర్ దగ్గర పైపు నేలకు 20 సెంటీమీటర్ల లోతున బయలుదేరితే, చదునైన పెరట్లో చెట్టు దగ్గరికి వచ్చేసరికి 36 లోతున తేలుతుంది. అప్పుడు కందకం బాగా లోతుగా తీయాలి, చెట్టు వేర్లు దెబ్బతింటాయి. అదృష్టం ఏమిటంటే మన ఇంట్లో పెరడు చివర 10 సెంటీమీటర్లు పల్లం. పైపు 26 లోతున తేలింది. మీ పెరడు సంగతి మేస్త్రి దగ్గరున్న నీళ్ల లెవెల్ ట్యూబుతో పది నిమిషాల్లో తేలుతుంది. పెరడు బాత్రూమ్ కంటే ఎత్తుగా ఉంటే దూరపు చెట్టు ఆశ వదిలి, దగ్గరి చెట్టుకే కందకం పెద్దది చేయండి.

కొబ్బరి మొదలుకు 2 మీటర్ల దూరంలో చంద్రవంకలా 4 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు కందకం తీయండి. అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే నీళ్లన్నీ ఒక చివర చేరతాయి. అడుగు వైశాల్యం 2.4 చదరపు మీటర్లు. నీళ్లు 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు తగిలే పక్క గోడలు ఇంకో 1.6. మొత్తం 4. ఇలాంటివి మూడు తీస్తే 12 చదరపు మీటర్లు, ముందు వేసుకున్న లెక్క సరిపోయింది. సపోటాకు కొమ్మల నీడ అంచు కింద తీయండి.

లోపల వేయడానికి కొబ్బరి బోండాల డొక్కలు బాగుంటాయి. రోడ్డు పక్క బోండాల బండి దగ్గర అడిగితే సంతోషంగా ఇస్తారు, వాళ్లకు వదిలించుకోవడమే సమస్య. రైతులు తోటల్లో డొక్కలు పాతేటప్పుడు తేమ ఆగాలని గుంట పైకి చూసేట్టు పెడతారు. ఇక్కడ తిరగేసి బోర్లా పెట్టండి. పైకి చూస్తే ఒక్కో డొక్కా ఒక్కో గిన్నెలా నీళ్లు పట్టి దోమలకు ఇల్లవుతుంది. డొక్కల మధ్య ఖాళీల్లో 200 లీటర్ల పైనే నీళ్లు ఆగుతాయి కాబట్టి వేసవిలో 180 లీటర్లు ఒకేసారి వచ్చినా పొర్లదు.

పైపు చివర డొక్కలకు కాస్త పైన గాలిలో వేలాడాలి. మట్టిలో దింపితే వేర్లు లోపలికి దూరి మూసేస్తాయి. ఆ చివర మీద అడుగు తెగ్గోసిన ప్లాస్టిక్ బకెట్‌ను గుమ్మటంలా కప్పి, పైన మూతలా ఒక పలకరాయి పెట్టండి. కావాల్సినప్పుడు ఎత్తి చూడొచ్చు. మిగతా కందకం మీద ఎండుటాకులు, కొబ్బరి మట్టలు దళసరిగా పరవండి. నీళ్లు ఎక్కడా కంటికి కనపడకూడదు, కుక్కలకు పిల్లలకు అందకూడదు. ఏడాదికి డొక్కలు కుంగుతాయి, పైన కొత్తవి వేస్తే చాలు.

కాలువకు వదిలేయాల్సిన రోజులు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు వస్తాయి. నేల అప్పటికే నిండి ఉంటుంది, చెట్టుకు నీళ్లు అక్కర్లేదు. మంచి వాన పడ్డ రోజే పైపు ముక్క పీకి, చెట్ల పైపులు మూసేయండి. ఆ నెలల వాన ఇంకో మేలు కూడా చేస్తుంది, ఏడాదంతా పేరుకున్న ఉప్పును కిందికి కడిగేస్తుంది.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు ఉంటే వాళ్లు పూర్తిగా కోలుకునే దాకా కాలువకే. బాత్రూమ్‌ను యాసిడ్‌తోనో బ్లీచింగ్ పౌడర్‌తోనో కడిగిన రోజు, తలకు రంగు వేసుకున్న రోజు కూడా అంతే. ఆదివారం నూనె పెట్టుకుని తలంటుకుంటే ఇంటిల్లిపాదికీ కలిపి నూనె బాగానే చేరుతుంది. ఆ ఒక్కరోజు కాలువకు వదిలేయడం నయం. కుంకుడుకాయ, సున్నిపిండి మాత్రం సబ్బు కంటే నేలకు మంచివే, వాటిలో సోడియం బెడద లేదు. పిప్పి బుట్టలో ఆగితే చాలు.

పాడవుతోందని ఎలా తెలుస్తుంది

నెలకోసారి ఆ గుమ్మటం ఎత్తి చూడండి. నిన్న పొద్దున వదిలిన నీళ్లు ఈ పొద్దుటికి ఇంకా అడుగున నిలిచి ఉంటే, లేదా నల్లటి జిగట, కుళ్లిన వాసన ఉంటే, ఆ కందకానికి రెండు వారాలు సెలవివ్వండి. ఎండి పగుళ్లిస్తే మళ్లీ వాడొచ్చు. మూడు కందకాలూ అలాగే ఉంటే నీళ్లు ఎక్కువ పంపుతున్నారని అర్థం, సగం రోజులు కాలువకు వదిలేయాలి.

రెండోది సోడియం. కందకం అంచున మట్టి మీద తెల్లటి పొర, తడిసిన రేగడి సబ్బులా జారుతూ, ఎండాక పెంకులా గట్టిపడటం, ముదురాకుల అంచులు మాడటం దీని గుర్తులు. సోడియం మట్టి రేణువుల్ని విడగొట్టి రంధ్రాలు మూసేస్తుంది. జిప్సంలోని కాల్షియం దాని స్థానంలోకి వెళ్లి మట్టిని మళ్లీ గుల్ల చేస్తుంది. సెప్టెంబర్‌లో, వానలకు ముందు, చదరపు మీటరుకు అర కిలో చొప్పున జిప్సం చల్లి కలియబెట్టండి. పైన వాన పడితేనే పని జరుగుతుంది. జిప్సం వేసి అదే ఉప్పు నీళ్లు పోస్తుంటే దండగ.

ఇక ఫ్లష్ సంగతి

దీనికి బకెట్ పద్ధతే. వాష్ బేసిన్ కింది పైపు విప్పి బకెట్‌లోకి వదిలితే చేతులు, ముఖం కడిగిన నీళ్లు వస్తాయి. వాషింగ్ మెషీన్ చివరి జాడింపు నీళ్లు కూడా పనికొస్తాయి, అవి దాదాపు మంచినీళ్లే. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి 10 లీటర్లు వదులుతుంది. అదే పని 5 లీటర్ల నీళ్లను నడుము ఎత్తు నుంచి ఒక్క ఊపున కమోడ్ గుంటలో పోస్తే అయిపోతుంది. నెమ్మదిగా పోస్తే పోదు, నీళ్లు దండగ. ఇండియన్ బేసిన్ అయితే మనకిది ఎప్పటి నుంచో అలవాటే.

ఈ నీళ్లను ఫ్లష్ ట్యాంకులో మాత్రం పోయవద్దు. సబ్బు పొర లోపలి రబ్బరు వాషర్‌కు పట్టి, అది సరిగా మూసుకోక రోజంతా నీళ్లు కారుతూనే ఉంటాయి. నిలవ నీళ్ల వాసన బాత్రూమంతా పడుతుంది. రాత్రి పడుకునే ముందు బకెట్‌లో మిగిలిందంతా కమోడ్‌లో పారబోసి, బకెట్‌ను బోర్లించండి. ఆ బకెట్ రంగు వేరుగా ఉంటే స్నానానికి ఎవరూ పొరపాటున వాడరు. మూత లేని నిండు బకెట్ పాకే పిల్లలున్న ఇంట్లో ప్రమాదం, వాళ్లున్న ఇంట్లో బాత్రూమ్ తలుపు వేసి ఉంచాలి.

డ్రమ్ములో పట్టి, మోటారుతో మేడ మీద వేరే ట్యాంకుకు ఎక్కించి, అక్కడి నుంచి అన్ని ఫ్లష్‌లకూ ఇచ్చే పద్ధతి అపార్ట్‌మెంట్లలో ఉంది. అక్కడ నీటిని శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి, రోజూ చూసుకునే మనిషి ఉంటాడు. ఒక్క కుటుంబానికి అంత తంతు గిట్టదు. ఎవరైనా ప్లంబరు ఖర్చు తగ్గించడానికి ఆ పైపును మంచినీళ్ల ట్యాంకు పైపుతో కలిపి మధ్యలో ఒక వాల్వు పెడతానంటే ఒప్పుకోవద్దు. వాల్వు ఒకరోజు లీకైతే ఫ్లష్ నీళ్లు వంటింటి కుళాయిలో వస్తాయి, చూసి కనిపెట్టడానికి అందులో రంగు కూడా ఉండదు.